18 శాతం అంటే ఎంత? పరిశోధన పత్రాన్ని సులభ భాషలోకి మార్చేటప్పుడు ఏ మాటను తీసేయకూడదు?

2015 అక్టోబర్ 26న ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన ఏజెన్సీ ఒక ప్రకటన విడుదల చేసింది. బేకన్, సాసేజ్, హామ్ వంటి ప్రాసెస్డ్ మాంసాన్ని 'గ్రూప్ 1' క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చినట్లు అందులో తెలిపింది. రోజూ తినే ప్రతి 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసానికి పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని పేర్కొంది.

పది దేశాలకు చెందిన 22 మంది నిపుణులు 800కు పైగా అధ్యయనాలను పరిశీలించి చేరుకున్న నిర్ణయం అది. ఆ నిర్ణయపు సారాంశం 'ద లాన్సెట్ ఆంకాలజీ' పత్రికలో వెలువడింది. అయితే, ఆ సారాంశం సామాన్య పాఠకుడి దగ్గరకు వచ్చేసరికి రెండు కొత్త వాక్యాలుగా మారిపోయింది. ఒకటి, మాంసం పొగాకుతో సమానంగా ప్రమాదకరం. రెండోది, మాంసం తింటే 18 శాతం మందికి క్యాన్సర్ వస్తుంది.

ఈ రెండు వాక్యాలూ సులభంగా ఉన్నాయి. రెండింటిలోనూ కఠిన పదం ఒక్కటీ లేదు. కానీ, ఈ రెండు మాటలనూ ఆ శాస్త్రవేత్తలు అనలేదు.

పరిశోధన భాషను సులభతరం చేయడమంటే పెద్ద మాటల స్థానంలో చిన్న మాటలు పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. ఈ మాంసం ఉదంతంలో పొరపాటు పెద్ద మాటల వల్ల జరగలేదు. 'ప్రతి', 'రోజూ', 'ఒకవేళ' వంటి చిన్న మాటలు జారిపోవడం వల్ల జరిగింది.

ఆ వాక్యంలో ఎన్ని విషయాలు ఉన్నాయి?

పరిశోధన పత్రాల శైలిలో రాస్తే ఆ నిర్ధారణ దాదాపు ఇలా ఉంటుంది.

పది కోహోర్ట్ అధ్యయనాల సమాహార విశ్లేషణలో ప్రాసెస్డ్ మాంస వినియోగానికీ, కొలోరెక్టల్ క్యాన్సర్‌కూ మధ్య గణాంకపరంగా సార్థకమైన, మోతాదు ఆధారిత సంబంధం వెల్లడైంది. దినసరి 50 గ్రాముల వినియోగానికి సాపేక్ష ముప్పు 1.18 (95 శాతం విశ్వసనీయతా అంతరం 1.10 నుంచి 1.28).

చూడటానికి ఇవి రెండు వాక్యాలే. కానీ విడదీస్తే ఇందులో కనీసం ఆరు విషయాలు కనిపిస్తాయి. తిరగరాసే వ్యక్తి చేయాల్సిన మొదటి పని రాయడం కాదు, ఈ విషయాలను ఒక్కొక్కటిగా కాగితం మీద విడివిడిగా దించుకోవడం.

మొదటిది, మాట్లాడుతున్నది మాంసమంతటి గురించి కాదు, ప్రాసెస్డ్ మాంసం గురించి. రెండోది, వ్యాధి అన్ని క్యాన్సర్లూ కాదు, పెద్దపేగుకూ మలాశయానికీ వచ్చే క్యాన్సర్. మూడోది, తినే పరిమాణం పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది. నాలుగోది, పెరుగుదలకు కొలమానం ఉంది. అది రోజుకు 50 గ్రాములు. ఐదోది, ఆ పెరుగుదల మరొకరితో పోల్చి చెప్పినది. అంటే అంత మాంసం తినని వారి ముప్పు ఎంత ఉందో, దాని మీద 18 శాతం. ఆరోది, 18 అనేది అత్యుత్తమ అంచనా మాత్రమే. ఇదే సమాచారంతో 10 నుంచి 28 శాతం మధ్య ఉండే విలువలు కూడా పొసగుతాయి.

పత్రికా శీర్షికల్లో మిగిలినవి రెండే: మాంసం, 18 శాతం. తక్కిన అన్నింటినీ సులభతరం చేసే క్రమంలో తీసేశారు. అవి కఠినంగా ఉన్నందువల్ల తీసేసినవి కావు. 'రోజూ' అనే మాటలో కఠినత్వం ఏముంది? అనవసరం అనిపించడం వల్లనే అది పోయింది. కానీ ఆ మాట పోగానే, నెలకోసారి తినేవారికీ, రోజూ తినేవారికీ ఒకే హెచ్చరిక చేరింది.

18 శాతం, కానీ దేనిలో?

ఆరు విషయాల్లో ఎక్కువగా అపార్థమయ్యేది ఐదోది. శాతం ఎప్పుడూ ఒంటరిగా నిలవదు, దేనిలో శాతమో చెప్పాలి. పరిశోధన పత్రం చదివే నిపుణుడికి 'సాపేక్ష' అనే ఒక్క మాటతో అది తెలిసిపోతుంది. సామాన్య పాఠకుడికి తెలియదు. ఆ మాటను తీసేస్తే, వందలో 18 మందికి వ్యాధి వస్తుందనే అర్థమే ముందుగా తడుతుంది.

దీనికి పరిష్కారం శాతాన్ని మనుషుల లెక్కలోకి మార్చడం. బ్రిటన్‌లో ప్రతి 100 మందిలో సుమారు ఆరుగురికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ క్యాన్సర్ వస్తుంది. ఆరులో 18 శాతం అంటే ఒకటి కంటే కాస్త ఎక్కువ. కాబట్టి, ఆ 100 మందీ జీవితాంతం రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం అదనంగా తింటే, ఆరుగురికి బదులు సుమారు ఏడుగురికి ఆ వ్యాధి వస్తుంది. మిగిలిన 93 మందికి రాదు. అంతర్జాతీయ ఏజెన్సీ ప్రకటన వెలువడిన రోజుల్లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ గణాంక శాస్త్రవేత్త డేవిడ్ స్పీగల్‌హాల్టర్ ఈ లెక్కనే ప్రజలకు వివరించారు.

'18 శాతం పెరుగుతుంది' అనేదీ, 'ఆరు నుంచి ఏడుకు పెరుగుతుంది' అనేదీ ఒకే నిజానికి రెండు రూపాలు. రెండోది చెబితే ముప్పును తక్కువ చేసినట్లు కాదు. లక్షల మంది రోజూ తినే దేశంలో వందకు ఒకరంటే చిన్న సంఖ్య కాదు. కానీ, తన భోజనం గురించి తాను నిర్ణయించుకోవాల్సిన పాఠకుడికి రెండో రూపమే ఉపయోగపడుతుంది.

ఇక్కడే తిరగరాసే వారు మరో జాగ్రత్త తీసుకోవాలి. 'వందలో ఆరుగురు' అనేది బ్రిటన్ లెక్క. భారతదేశంలో ఈ క్యాన్సర్ పశ్చిమ దేశాల కంటే చాలా తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ఆ లెక్కను యథాతథంగా తెలుగు పాఠకుడి ముందు పెడితే, అది అతని గురించే చెబుతున్నట్లు అనిపిస్తుంది. ఉదాహరణకు, ఒక సమాజంలో వందకు ఇద్దరికే ఆ వ్యాధి వస్తుందని అనుకుందాం. అప్పుడు పది వేల మందిలో 200 మందికి వచ్చేది, రోజూ 50 గ్రాములు తింటే 236 మందికి వస్తుంది. శాతం అదే 18. కానీ అదనంగా జబ్బుపడే వారి సంఖ్య బ్రిటన్‌తో పోలిస్తే మూడో వంతే. అందువల్ల, ఎవరి లెక్కో చెప్పకుండా మనుషుల సంఖ్య రాయకూడదు.

ఒకే గ్రూపులో ఉంటే ఒకే ముప్పు ఉన్నట్లా?

రెండో అపార్థం 'గ్రూప్ 1' అనే మాట నుంచి పుట్టింది. ఆ జాబితాలో పొగాకు పొగ ఉంది, ఆస్బెస్టాస్ ఉంది, మద్యం ఉంది. భారతీయులకు బాగా తెలిసిన వక్క కూడా ఉంది. వాటి పక్కన ప్రాసెస్డ్ మాంసం చేరగానే, అన్నీ సమానంగా హాని చేస్తాయనే భావన కలగడం సహజం.

కానీ, ఆ గ్రూపులు చెప్పేది హాని ఎంత అనే విషయాన్ని కాదు. అది హాని చేస్తుందని చెప్పడానికి ఆధారాలు ఎంత గట్టిగా ఉన్నాయో చెబుతాయి. గ్రూప్ 1 అంటే, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని చెప్పడానికి తగినంత ఆధారం ఉందని అర్థం. పెద్ద నేరం చేసిన వ్యక్తి, చిన్న నేరం చేసిన వ్యక్తి ఇద్దరి మీదా నేరం రుజువు కావచ్చు. రుజువైనంత మాత్రాన ఇద్దరికీ ఒకే శిక్ష పడదు.

హాని పరిమాణం చూడాలంటే వేరే లెక్క కావాలి. ఆ ఏజెన్సీయే తన ప్రశ్నోత్తరాల్లో దానిని ఇచ్చింది. ప్రాసెస్డ్ మాంసం ఎక్కువగా ఉన్న ఆహారం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 34,000 క్యాన్సర్ మరణాలు సంభవిస్తుండవచ్చని ఒక అంచనా. పొగాకు వల్ల సంభవించే క్యాన్సర్ మరణాలు ఏటా సుమారు 10 లక్షలు. మద్యం వల్ల 6 లక్షలు. ఒకే గ్రూపులో ఉన్నా, వీటి మధ్య తేడా ఎంతో ఈ సంఖ్యలే చెబుతాయి.

అంటే, ఆ సమాచారం మొదటి నుంచీ అందుబాటులోనే ఉంది. 'గ్రూప్ 1' అనే సాంకేతిక పదాన్ని 'అత్యంత ప్రమాదకరమైన పదార్థాల జాబితా' అని సులభతరం చేసిన చోటే అర్థం మారిపోయింది. 'ఆధారాలు అత్యంత గట్టిగా ఉన్న పదార్థాల జాబితా' అని రాసి ఉంటే, అదే నిడివిలో, అంతే సులభంగా, నిజమైన అర్థం వచ్చి ఉండేది.

తెలుగులో ఎదురయ్యే చిక్కులు

ఇంగ్లిష్‌లోని పరిశోధనను తెలుగు పాఠకుడికి చెప్పేటప్పుడు ఈ పని రెండింతలవుతుంది. భాష మారడం, స్థాయి మారడం ఒకేసారి జరుగుతాయి. కొన్ని అలవాటైన తెలుగు మాటలు ఆ సమయంలో అర్థాన్ని మెల్లగా పక్కకు జరుపుతాయి.

వాటిలో ముఖ్యమైనది 'ప్రమాదం'. ఇంగ్లిష్‌లో హజార్డ్ వేరు, రిస్క్ వేరు. మొదటిది ఒక వస్తువుకు హాని చేసే స్వభావం ఉందని చెబుతుంది. రెండోది ఆ హాని వాస్తవంగా జరిగే అవకాశం ఎంతో చెబుతుంది. జంతు ప్రదర్శనశాలలో అద్దం వెనుక ఉన్న నాగుపాములోనూ విషం ఉంటుంది, పొలం గట్టు మీద ఉన్న నాగుపాములోనూ ఉంటుంది. స్వభావం రెండింటిదీ ఒకటే. కాటు పడే అవకాశం మాత్రం ఒకటి కాదు. తెలుగు వార్తల్లో ఈ రెండు భావాలకూ 'ప్రమాదం' అనే మాటే వాడటం పరిపాటి. దాంతో స్వభావం గురించి చెప్పిన నిర్ధారణ, అవకాశం గురించి చెప్పినట్లుగా వినిపిస్తుంది. 'హానికర స్వభావం' అనీ, 'ముప్పు' అనీ వేర్వేరు మాటలు ఎంచుకుని, వ్యాసం చివరి వరకూ వాటినే వాడితే ఈ చిక్కు తీరుతుంది.

'గణనీయం' మరో మాట. పరిశోధన పత్రంలో గణాంకపరంగా సార్థకం అంటే, నిజంగా సంబంధమేదీ లేకపోతే ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా కనిపించడం అరుదు అని అర్థం. తేడా పెద్దదని అర్థం కాదు. చాలా చిన్న తేడా కూడా వేల మందిని పరిశీలించినప్పుడు సార్థకంగా తేలవచ్చు. దానిని 'గణనీయమైన పెరుగుదల' అని రాస్తే పాఠకుడు పెద్ద పెరుగుదల అనే అర్థం చేసుకుంటాడు. పత్రం చెప్పని మాట అది.

ఇక 'ప్రాసెస్డ్' అనే పదం. దీనికి కొందరు 'శుద్ధి చేసిన' అని రాస్తుంటారు. తెలుగులో శుద్ధి అంటే శుభ్రపరచడం. 'శుద్ధి చేసిన మాంసం క్యాన్సర్ కారకం' అని చదివిన పాఠకుడు, కడగని మాంసమే మేలేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. ఏజెన్సీ నిర్వచనం ప్రకారం, రుచి పెంచడానికో నిల్వ ఉంచడానికో ఉప్పు పట్టించడం, ఊరబెట్టడం, పులియబెట్టడం, పొగబెట్టడం వంటి పద్ధతుల్లో మార్చిన మాంసం ఇది. ఇంట్లో వండుకునే కూర ఇందులోకి రాదు.

అయితే, ఆ నిర్వచనాన్ని తెలుగులో చదవగానే మరో ప్రశ్న పుడుతుంది. ఉప్పు రాసి ఎండబెట్టే ఉప్పుకండ మాటేమిటి? ఉప్పు పట్టించి నిల్వ చేసేది కాబట్టి, నిర్వచనంలోని మాటలు దానికి వర్తిస్తాయి. కానీ, 18 శాతం అనే సంఖ్య వచ్చిన అధ్యయనాలు చాలావరకు పాశ్చాత్య దేశాల్లో అక్కడి ఆహారం మీద జరిగినవి. ఉప్పుకండ తినేవారిని కొలిచి ఆ సంఖ్య చెప్పలేదు. అందువల్ల, 'ఉప్పుకండ తింటే 18 శాతం ముప్పు' అని రాయడం పాఠకుడికి దగ్గరగా చెప్పడం అనిపించుకోదు. పత్రంలో లేని కొత్త నిర్ధారణను తెలియకుండానే చేర్చినట్లవుతుంది. స్థానిక ఉదాహరణ ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్లలో ఇదే ఎక్కువ.

సందేహాన్ని కూడా అనువదించాలి

అదే ప్రకటనలో మరో భాగం ఉంది. మేక, గొర్రె, గొడ్డు, పంది వంటి జంతువుల కండ మాంసాన్ని, అంటే రెడ్ మీట్‌ను, 'గ్రూప్ 2ఏ'లో పెట్టారు. అది బహుశా క్యాన్సర్ కారకం అని దాని అర్థం. మనుషుల్లో ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని, ఇతర వివరణలను పూర్తిగా తోసిపుచ్చలేమని ఏజెన్సీ తెలిపింది. ఒకవేళ ఈ సంబంధం కార్యకారణ సంబంధమేనని రుజువైతే, రోజుకు ప్రతి 100 గ్రాములకు ముప్పు 17 శాతం పెరగవచ్చని పేర్కొంది.

17, 18 పక్కపక్కనే ఉన్న సంఖ్యలు. రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ, మొదటి సంఖ్య ముందు 'ఒకవేళ' ఉంది, రెండో దాని ముందు లేదు. కొలత కూడా ఒకచోట 100 గ్రాములు, మరోచోట 50. కలిపేసిన వాక్యంలో ఈ తేడాలు రెండూ కనుమరుగవుతాయి.

సందేహపు స్థాయిని సులభ భాషలో ఎలా నిలబెట్టాలన్న దానికి వైద్య రంగంలో ఒక పద్ధతి ఉంది. చికిత్సలపై జరిగిన అధ్యయనాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ, ప్రతి సమీక్షకూ సామాన్యుల కోసం ఒక సులభ సారాంశం ప్రచురిస్తుంది. ఆధారం బలాన్ని బట్టి క్రియాపదం మారాలన్నది అక్కడ పాటించే నియమం. ఆధారం బలంగా ఉంటే 'తగ్గిస్తుంది' అని రాస్తారు. ఒక మోస్తరుగా ఉంటే 'బహుశా తగ్గిస్తుంది', బలహీనంగా ఉంటే 'తగ్గించవచ్చు', మరీ బలహీనమైతే 'తగ్గిస్తుందో లేదో కచ్చితంగా చెప్పలేం' అంటారు.

ఈ నాలుగు మెట్లను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక సమస్య ఉంది. 'వచ్చు' అనే ప్రత్యయం తెలుగులో అనుమతినీ సూచిస్తుంది, అవకాశాన్నీ సూచిస్తుంది. 'ఈ మందు వాడవచ్చు' అంటే వాడేందుకు అభ్యంతరం లేదని అర్థం. 'ఈ మందు నొప్పి తగ్గించవచ్చు' అంటే తగ్గే అవకాశం ఉందని అర్థం. పైగా వార్తా భాషలో 'వచ్చు' ఎంతగా అలవాటైపోయిందంటే, చదివేవారు దానిని దాదాపు పట్టించుకోరు. అందువల్ల సందేహం ముఖ్యమైన చోట దానిని ప్రత్యయానికి వదిలేయకుండా, 'దీనికి ఆధారాలు ఇంకా పరిమితంగానే ఉన్నాయి' అని ఒక పూర్తి వాక్యంగా రాయడం మేలు.

తిరగరాసి, తిరిగి సరిచూసుకోవడం

ఇప్పుడు మొదట చూసిన పరిశోధన వాక్యాలను సామాన్య పాఠకుడి కోసం రాస్తే, తొలి ప్రతి ఇలా రావచ్చు.

బేకన్, సాసేజ్ వంటి నిల్వ మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందని నిపుణులు తేల్చారు. రోజుకు 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుంది. అంటే వందలో ఆరుగురికి వచ్చే వ్యాధి ఏడుగురికి వస్తుంది.

ఇది శీర్షికల కంటే ఎంతో నయం. అయినా అచ్చుకు సిద్ధం కాలేదు. దీనిని రెండు వైపుల నుంచీ సరిచూడాలి. ముందుగా అసలు పత్రం నుంచి రాసుకున్న జాబితాను తీసుకుని, అందులోని ఒక్కో అంశం ఈ ప్రతిలో ఉందో లేదో గుర్తు పెట్టుకోవాలి. అప్పుడు మలాశయం జారిపోయిందని తెలుస్తుంది. పరిమాణం పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుందన్న విషయం పోయింది. 18 అనేది అంచనా అన్న విషయమూ పోయింది.

ఆ తర్వాత రెండో వైపు నుంచి చూడాలి. ఈ ప్రతిలోని ఒక్కో వాక్యాన్ని తీసుకుని, దీనికి ఆధారం పత్రంలో ఎక్కడ ఉందని అడగాలి. 'వందలో ఆరుగురు' పత్రంలోని ఆ వాక్యంలో లేదు, బయటి నుంచి తెచ్చినది. తేవడం తప్పు కాదు, కానీ అది ఎక్కడి లెక్కో చెప్పాలి. 'నిల్వ మాంసం' అనే మాట ఫ్రిజ్‌లో పెట్టిన పచ్చి మాంసాన్ని కూడా గుర్తుకు తెస్తుంది. దానికి పత్రంలో ఆధారం లేదు.

చాలామంది మొదటి వైపు తనిఖీతోనే ఆగిపోతారు. పోయిన విషయాలు దానితో దొరుకుతాయి. కొత్తగా చేరిన విషయాలు దొరకాలంటే మాత్రం రెండో తనిఖీ తప్పనిసరి. వైద్య పరిశోధనల్లో పాల్గొనేవారి సమ్మతి పత్రాలను స్థానిక భాషల్లోకి మార్చినప్పుడు, వాటిని వేరే వ్యక్తితో తిరిగి ఇంగ్లిష్‌లోకి అనువదింపజేసి పోల్చి చూసేది కూడా ఇందుకే.

రెండు తనిఖీల తర్వాత ప్రతి ఇలా మారుతుంది.

బేకన్, సాసేజ్, హామ్ వంటివి ఉప్పు పట్టించో, పొగబెట్టో, ఊరబెట్టో నిల్వకు అనువుగా మార్చిన మాంసం. ఇలాంటి మాంసం మనుషుల్లో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లకు ఒక కారణమని చెప్పడానికి తగినంత ఆధారం ఉందని నిపుణులు తేల్చారు. ఎంత ఎక్కువగా తింటే ముప్పు అంత పెరుగుతుంది. పది అధ్యయనాలను కలిపి చూసిన లెక్క ప్రకారం, రోజూ తినే ప్రతి 50 గ్రాములకు ఆ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. కచ్చితమైన పెరుగుదల 10 నుంచి 28 శాతం మధ్య ఎక్కడైనా ఉండే అవకాశం ఉంది. బ్రిటన్‌లో ప్రతి 100 మందిలో సుమారు ఆరుగురికి ఈ క్యాన్సర్ వస్తోంది. ఆ వంద మందీ రోజూ 50 గ్రాములు అదనంగా తింటే, సుమారు ఏడుగురికి వస్తుందని ఈ లెక్క సూచిస్తోంది. ఈ వ్యాధి తక్కువగా ఉన్న దేశాల్లో అదనంగా జబ్బుపడే వారి సంఖ్య ఇంతకంటే తక్కువగా ఉంటుంది.

నిడివి పెరిగింది. సులభ భాష అంటే చిన్న భాష అనుకునేవారికి ఇది నచ్చకపోవచ్చు. పరిశోధకులు 'సాపేక్ష ముప్పు' అనే రెండు పదాల్లో ఇమిడ్చిన దానిని విప్పి చెప్పడానికి రెండు మూడు వాక్యాలు కావాలి. చోటు తక్కువగా ఉంటే, ఒక్కో విషయాన్నీ సగం చెప్పడం కంటే కొన్ని విషయాలను పూర్తిగా వదిలేయడమే నయం. 10 నుంచి 28 శాతం అన్న వాక్యాన్ని వదిలేసినా, 'సుమారు' అనే మాట ఉన్నంతవరకు మిగిలిన వాక్యాలు అబద్ధం కావు. కానీ 'రోజూ' అనే మాటను వదిలేస్తే మిగిలిన వాక్యం అబద్ధమవుతుంది. ఏది వదలవచ్చో, ఏది వదలకూడదో తేల్చే గీటురాయి ఇదే.

పొరపాటు ఎక్కడ మొదలవుతుంది?

ఇలాంటి తప్పులకు విలేఖరులనే తప్పుపట్టడం పరిపాటి. బ్రిటన్‌లోని 20 ప్రముఖ విశ్వవిద్యాలయాలు 2011లో విడుదల చేసిన 462 పత్రికా ప్రకటనలను కొందరు పరిశోధకులు అసలు పరిశోధన పత్రాలతోనూ, ఆ తర్వాత వచ్చిన వార్తలతోనూ పోల్చి చూశారు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం, సుమారు 40 శాతం ప్రకటనల్లో పాఠకులకు ఇచ్చిన సలహా అసలు పత్రంలో ఉన్నదానిని మించిపోయింది. మూడో వంతు ప్రకటనల్లో, రెండు విషయాల మధ్య సంబంధాన్ని ఒకటి మరొకదానికి కారణమన్నట్లుగా మార్చి రాశారు.

ప్రకటనలో అతిశయోక్తి ఉన్నప్పుడు వార్తల్లోనూ అది కనిపించడం ఎక్కువ. సలహాల విషయంలో, ప్రకటనే అతిగా చెప్పినప్పుడు 58 శాతం వార్తలు అతిగా చెప్పాయి. ప్రకటన సరిగా ఉన్నప్పుడు అలా చెప్పినవి 17 శాతమే. అంటే సాధారణంగా అర్థం మారేది పరిశోధన భాష తొలిసారి సులభ భాషగా మారిన చోటే. ఆ మార్పు తరచూ పరిశోధకుల సొంత సంస్థలోనే జరుగుతుంది.

అదే అధ్యయనంలో మరో విషయం తేలింది. అతిశయోక్తి ఉన్న ప్రకటనలకు వార్తల్లో ఎక్కువ చోటు దక్కిందనడానికి పెద్దగా ఆధారం కనిపించలేదు. పరిమితులను దాచకుండా చెప్తే ఎవరూ చదవరన్న భయానికి ఆ లెక్కలు మద్దతివ్వలేదు.

మాంసం ప్రకటన వచ్చిన మూడు రోజులకు, అక్టోబర్ 29న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ప్రాసెస్డ్ మాంసం తినడం పూర్తిగా మానేయమని తాము చెప్పలేదని, తగ్గిస్తే ముప్పు తగ్గుతుందన్నదే సారాంశమని అందులో తెలిపింది. మొదటి వార్త చదివిన వారందరికీ ఆ వివరణ చేరిందని చెప్పలేం.

అందుకే, సులభంగా తిరగరాసిన ప్రతిని అచ్చుకు పంపేముందు చివరి పరీక్ష ఒకటి చేయాలి. ఆ రంగంతో పరిచయం లేని ఒకరికి దానిని ఇచ్చి చదివించాలి. 'అర్థమైందా' అని అడగకూడదు. ఆ ప్రశ్నకు దాదాపు అందరూ 'అయింది' అనే అంటారు. కాగితం పక్కన పెట్టించి, 'మీ ఇంట్లో వాళ్లకు ఈ విషయం ఎలా చెబుతారు' అని అడగాలి. ఆ వ్యక్తి 'రోజూ తినే ప్రతి 50 గ్రాములకు' అని చెబితే ప్రతి సిద్ధమైనట్లే. 'మాంసం తింటే 18 శాతం మందికి వస్తుందట' అని చెబితే, తప్పు చదివిన వ్యక్తిది కాదు. కలం మళ్లీ చేతిలోకి తీసుకోవాల్సింది రాసిన వ్యక్తే.